‘క్షేత్రం’ ఏ పేజీలో ఉంటుంది?

[తెర మీద: నిఘంటువు చివరి పేజీలు, వేలు ‘హ’ దగ్గర]

‘క్షేత్రం’ అనే మాట వెతకమంటే చాలామంది ముందు చివరి పేజీలే తిప్పుతారు. బడిలో వర్ణమాల వల్లించినప్పుడు హ, ళ తర్వాతే క్ష చదువుకున్నాం మరి. నిఘంటువుకి మాత్రం క్ష విడి అక్షరం కాదు. అది క కి ష ఒత్తు. అందుకే దాని చోటు క లోనే.

క లో ఎక్కడ? గుణింతమంతా అయిపోయాక. కౌలు, కౌశలం దాటండి. ఒత్తుల మాటలు అక్కడ మొదలవుతాయి. వాటి వరస ఒత్తుని బట్టి నడుస్తుంది. ర ఒత్తుతో క్రమం, క్రీడ, క్రోధం. తర్వాత ల ఒత్తుతో క్లుప్తం, క్లేశం. ఆ తర్వాత ష ఒత్తుతో క్షణం, క్షమ, క్షేత్రం. ‘జ్ఞానం’ కూడా ఇంతే. పలికేటప్పుడు గ వినిపిస్తుంది కానీ, రాత ప్రకారం జ కి ఞ ఒత్తు, కాబట్టి జ చివర్లో, ‘జ్యోతి’ కంటే ముందు చూడాలి.

[తెర మీద: క్ర, పెద్దగా]

ఒక్క చిక్కు. ర ఒత్తు అక్షరాన్ని ఎడమ పక్కనుంచి చుట్టుకుని ఉంటుంది కాబట్టి కంటికి ముందు అదే తగులుతుంది. దాన్ని చూసి ర లోకి వెళ్లొద్దు. పలుకులో ముందున్నది క.

ఇప్పుడు ‘స్త్రీ’ వెతుకుదాం. స గుణింతం దాటాం. స్కంధం వచ్చింది, ఇంకా ముందుకి. స్తంభం, స్తుతి, స్తోత్రం... ఇక్కడ ఆగండి. స్త కి కూడా తన గుణింతం పూర్తవ్వాలి, ఆ తర్వాతే రెండో ఒత్తు. అంటే స్తోత్రం తర్వాత స్త్రీ, దాని తర్వాత స్థలం. ‘స్థలం’ కనిపించిందంటే మీరు దాటిపోయారు, వెనక్కి రండి.

[తెర మీద: తాగు → త్రాగు]

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి మాత్రం ఇవేవీ కావు, మన ఇంట్లో మాటలే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు లాంటి పాత పుస్తకాల్లో ‘తాగడం’ కావాలంటే ‘త్రాగు’ చూడాలి, అంటే త చివర. కొత్త అంటే క్రొత్త, పొద్దు అంటే ప్రొద్దు, మింగడం అంటే మ్రింగు. వాడుకలో ర ఒత్తు రాలిపోయింది, పుస్తకంలో మిగిలింది.

‘రాయడం’ ఇంకా గమ్మత్తు. ఇక్కడ రాలింది ర కాదు, వ. ఉత్తరం రాయడానికి అసలు మాట ‘వ్రాయు’, కాబట్టి వ చివర్లో ఉంటుంది. ర లో ‘రాయు’ కనబడగానే దొరికిందనుకోకండి, అర్థం చదవండి. రుద్దడం, పూయడం అని ఉంటే అది తలకి నూనె రాసే రాయు. వెంటనే వ లోకి వెళ్లి, ‘వౌ’ దాటి, వ్ర దగ్గర చూడండి.