మెట్ల కడ్డీలో P ఎక్కడిది?

నెల్లిమర్ల, గరివిడి వైపు నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి ఈ విజయనగరం సభకు వచ్చిన డిప్లొమా విద్యార్థులందరికీ నమస్కారం.

δ = PL/AE అనే సూత్రం మీకు నోటికి వచ్చు. మెట్ల కడ్డీ లెక్కలో మార్కులు పోయేది అందులోని P దగ్గరే. బొమ్మలో బాణం పక్కన కనిపించిన అంకెనే P అనుకుని వేసేస్తారు. అది బయటి నుంచి పడే లోడు. మనకు కావలసింది ఆ ముక్క లోపలి బలం.

ఒక లెక్క చేద్దాం. ఎడమ చివర గోడకు బిగించిన కడ్డీ. గోడ పక్కన స్టీలు ముక్క: పొడవు 600 మి.మీ., వైశాల్యం 400 చదరపు మి.మీ., E విలువ 200 గిగాపాస్కల్. దానికి అతికిన అల్యూమినియం ముక్క: పొడవు 500, వైశాల్యం 300, E 70. కుడి చివర 21 కిలోన్యూటన్లతో కుడికి లాగుతున్నాం. అతుకు దగ్గర 61 కిలోన్యూటన్లు ఎడమకు పడుతోంది.

అల్యూమినియం మధ్యలో కోసినట్టు గీత గీసి, ఎడమ భాగాన్ని అరచేత్తో మూసేయండి. కనిపించేది 21 ఒక్కటే, అది లాగుడు. ఇప్పుడు స్టీలులో కోయండి. 21 కుడికి, 61 ఎడమకు కనిపిస్తాయి. అంటే స్టీలులో 40 నొక్కుడు. గోడ కూడా 40తోనే కుడికి నెట్టాలి. ఈ రెండూ కలవకపోతే గుర్తు ఎక్కడో తప్పిందన్నమాట.

స్టీలు 0.30 మి.మీ. కుదించుకుంటుంది, అల్యూమినియం 0.50 సాగుతుంది. కాబట్టి చివర 0.20 మి.మీ. కుడికి జరుగుతుంది. స్టీలులో P అని 61 వేసిన వారికి 0.04 వస్తుంది. చూడ్డానికి అది కూడా నమ్మబుద్ధయ్యే జవాబే, అందుకే గోడ దగ్గర సరిచూసుకోమంటున్నాను.

ఇప్పుడు అదే 61ని అతుకు నుంచి స్టీలు నడిమధ్యకు జరపండి. కడ్డీలో ముక్కలు రెండే, లెక్కలో మాత్రం మూడు. లోడు పడిన చోట కూడా లోపలి బలం మారిపోతుంది కదా! గోడ వైపు సగం స్టీలు 40 నొక్కుడుతో 0.15 కుదించుకుంటుంది. మిగతా సగంలో 21 లాగుడు ఉంటుంది, అది దాదాపు 0.08 సాగుతుంది. అల్యూమినియం ఎప్పటిలా 0.50. మొత్తం 0.43 మి.మీ. లోడ్లు అవే, కడ్డీ అదే, ఒక లోడు చోటు మారినందుకే చివరి కదలిక రెట్టింపు దాటింది. అందుకని వైశాల్యం, లోహం, లోడు, వీటిలో ఏది మారినా అక్కడ కొత్త ముక్క మొదలైనట్టే.

మొత్తం కదలిక తక్కువగా వచ్చిందని కడ్డీ నిశ్చింతగా ఉందనుకోకండి. మొదటి లెక్కలో 0.20 మాత్రమే వచ్చినా స్టీలులో ఒత్తిడి 100 మెగాపాస్కల్, అల్యూమినియంలో 70. పైగా మెట్టు మూల దగ్గర ఒత్తిడి ఒకేచోట పోగవుతుంది, దాన్ని ఈ సూత్రం చూపించదు. సాగుదలపై దాని ప్రభావం స్వల్పమే గానీ, పగులు మొదలయ్యేది మాత్రం తరచుగా ఆ మూల నుంచే. కుడి చివర కూడా గోడకు బిగిస్తే గోడల బలాలు రెండూ తెలియవు. అప్పుడు మొత్తం పొడవు మార్పు సున్నా అన్న సమీకరణాన్ని కూడా కలుపుకుంటే తప్ప P దొరకదు.