వేయించిన కాఫీ గింజ ఎన్నాళ్లు ఆగాలి?

అందరికీ నమస్కారం. బల్ల మీద రెండు ప్యాకెట్లు పెట్టాను. రెండూ అరకు అరబికానే. ఒకే లాట్, ఒకే మీడియం రోస్ట్. ఒకటి నిన్న సాయంత్రం వేయించింది, ఇంకోటి తొమ్మిది రోజుల కిందట వేయించింది. మాట్లాడుతూనే రెండింటితోనూ కాఫీ కలుపుతాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు కొంచెం దగ్గరికి వచ్చి చూడండి.

రెండు కోన్ ఫిల్టర్లలోనూ 15 గ్రాముల చొప్పున పొడి వేశాను, గ్రైండర్ సెట్టింగ్ మార్చలేదు. ముందుగా ఒక్కోదాంట్లో 40 మిల్లీలీటర్ల వేడి నీళ్లు. చూడండి, నిన్నటి పొడి గోపురంలా పైకి లేచింది. పెద్ద పెద్ద బుడగలు వచ్చి పగులుతున్నాయి, ఉపరితలం బీటలు వారుతోంది. తొమ్మిది రోజుల పొడి కూడా లేచింది, కానీ మెల్లగా, సమంగా. బుడగలు చిన్నవి.

ఈ బుడగలు చూస్తే మనవాళ్లకు భలే సంతోషం. వీడియోల్లో దాన్నే దగ్గరగా తీసి చూపిస్తారు. నిజానికి బుడగలు చెప్పేది ఒక్కటే: లోపల వాయువు ఉందని. రుచి గురించి అవి ఏమీ చెప్పవు. నాసిరకం గింజని ఈ ఉదయం వేయించినా ఇంతకన్నా ఎక్కువే పొంగుతుంది.

ఆ వాయువు ఎక్కడిది? పచ్చి గింజలో అది లేదు. వేయించేటప్పుడు వేడికి చక్కెరలు, ప్రోటీన్లు, ఆమ్లాలు విరిగి, ఒకదానితో ఒకటి కలిసి రంగూ వాసనా పుడతాయి కదా, ఆ పనిలోనే కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. రోస్టర్లో గింజ టప్పున పగిలే శబ్దం వింటాం. లోపలి ఆవిరీ ఈ వాయువూ కలిసి తోసిన ఒత్తిడి అది. చాలా భాగం అప్పుడే బయటికి పోతుంది. మిగిలింది గింజ చల్లారేసరికి గట్టిపడ్డ కణాల గోడల మధ్య చిక్కుకుపోతుంది. అక్కడి నుంచి రోజులు, వారాల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

ఎంత ఉంటుందంటే, చేతిలో పట్టుకునే లెక్క ఒకటి చెబుతాను. మామూలు రోస్ట్‌లో గింజ బరువులో దాదాపు ఒక శాతం ఈ వాయువే అనుకోవచ్చు. 250 గ్రాముల ప్యాకెట్‌లో రెండున్నర గ్రాములు. వినడానికి చిన్నదే, కానీ మన గది వేడికి ఆ రెండున్నర గ్రాముల వాయువు సుమారు 1.4 లీటర్లు అవుతుంది. అంటే ఆ ప్యాకెట్ సైజు కంటే ఎక్కువ. అందుకే కాఫీ ప్యాకెట్‌కి ఆ చిన్న గుండ్రటి వాల్వ్ పెడతారు. అది లోపలి వాయువుని బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. వాల్వ్ లేని కవర్లో తాజా గింజలు పోసి సీలు వేస్తే ఒకటి రెండు రోజుల్లో అది దిండులా ఉబ్బుతుంది.

ఇంట్లో 0.1 గ్రాము వరకు చూపించే కాటా ఉంటే, వాల్వ్ ఉన్న ప్యాకెట్‌ని విప్పకుండా రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. మొదటి రోజుల్లో బరువు గబగబా తగ్గుతుంది, తర్వాత గీత చదునవుతూ పోతుంది. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ అప్లైడ్ సైన్సెస్ విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధన కూడా మూలంలో ఇదే: గింజల బరువు ఎలా తగ్గుతోందో చూస్తూ వాయువు ఎంత పోయిందో లెక్కగట్టడం. నల్లగా వేయించినవీ, ఎక్కువ వేడి మీద త్వరగా వేయించినవీ ఎక్కువ వాయువు వదులుతాయని అందులో తేలింది. కారణం ఊహించదగ్గదే. నల్ల గింజలో వాయువు ఎక్కువ పుడుతుంది, గింజ బోలుగా మారుతుంది కాబట్టి దారులూ ఎక్కువ. లేత రోస్ట్ గింజ గట్టిది, వదలడానికి మొరాయిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వాయువు ఉంటే రుచికి ఏమిటి నష్టం? కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి పులుపు వస్తుందని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, కానీ అంత వేడి నీళ్లలో అది నిలిచేది తక్కువే. పెద్ద నష్టం వేరే చోట ఉంది. నీళ్లు పొడి రేణువు లోపలికి వెళ్లి రుచిని కరిగించి తేవాలి. అదే సమయంలో, అదే రంధ్రాల గుండా వాయువు బయటికి తోసుకొస్తోంది. పల్లెవెలుగు బస్సు తలుపు దగ్గర దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకేసారి తోసుకున్నట్టన్నమాట. కొన్ని రేణువుల చుట్టూ బుడగ పొరలా పట్టుకుని నీటిని తాకనివ్వదు. పొంగిన పొడి బీటలు వారిన చోట మాత్రం నీళ్లకు సులువైన దారి దొరుకుతుంది, ఇక అన్నీ అటే పరిగెడతాయి.

ఫలితంగా ఒకే కప్పులో రెండు రకాల కాఫీ ఉంటుంది. నీళ్లు సరిగా తాకని పొడి నుంచి ముందుగా కరిగే పులుపు మాత్రమే వస్తుంది. నీళ్లు పదేపదే పారిన దారి పక్క పొడి నుంచి చివర కరిగే చేదు, వగరు కూడా ఊడి వస్తాయి. ఇదిగో, రెండు కప్పులూ తయారయ్యాయి, ఒక్కోదాంట్లో మొత్తం 240 మిల్లీలీటర్లు పోశాను. నిన్నటి గింజల కప్పు రుచి చూడండి. మొదటి గుక్క పుల్లగా, పల్చగా తగులుతుంది. మింగాక నాలుక మీద వగరు మిగులుతుంది. మధ్యలో ఉండాల్సిన తీపి కనిపించదు. ఇప్పుడు ఈ ఫిల్టర్ కాగితం విప్పి పొడిని చెంచాతో తవ్వుతాను. అడుగున ఈ మూల చూడండి, చుట్టుపక్కల కంటే లేత రంగులో, సగం తడిసీ తడవనట్టు ఉంది. రెండోదాంట్లో అలాంటి చోటు లేదు.

పులుపు వచ్చినప్పుడల్లా తాజాదనాన్నే తప్పుపట్టకండి. పొడి మరీ మొరుసుగా ఉన్నా పులుపే వస్తుంది. తేడా ఇలా తెలుస్తుంది: మొరుసు పొడి వల్ల వచ్చిన పులుపు, గ్రైండర్ని కాస్త సన్నం చేస్తే తగ్గుతుంది. వాయువు వల్ల వచ్చినదైతే, సన్నం చేస్తే చేదు పెరుగుతుంది, పులుపు మాత్రం అలాగే ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే అదే పొడిని ఒక గాజు గ్లాసులో వేసి, వేడి నీళ్లు పోసి, కలిపి, నాలుగు నిమిషాలు ఆగి రుచి చూడండి. గ్లాసులో బాగుండి కోన్‌లో చెడితే, తప్పు గింజది కాదు, నీళ్ల దారిది.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. కాఫీ నాణ్యతకు మార్కులు వేసే టేస్టర్లు వారం రోజులు ఆగరు. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వాళ్ల పాత కప్పింగ్ పద్ధతి ప్రకారం నమూనాని వేయించాక కనీసం 8 గంటలు ఆగితే చాలు, 24 గంటల్లోపు రుచి చూసేయాలి. మరి వాళ్లకు ఈ గొడవ ఎందుకు లేదు? వాళ్లు పొడిని నీళ్లలో నానబెడతారు. నీళ్లు పొడిలోంచి దారి వెతుక్కుంటూ దిగాల్సిన పని లేదు. నానే నిమిషాల్లో వాయువు పైకి పోతుంది, చెంచాతో పై తెట్టు విరగ్గొడితే మిగిలిందీ పోతుంది. కాబట్టి "ఈ గింజ ఎన్ని రోజులు ఆగాలి" అన్న ప్రశ్నకు గింజని మాత్రమే చూసి జవాబు చెప్పలేం. దాంతో ఏం చేయబోతున్నారో అడగాలి.

ఫ్రెంచ్ ప్రెస్‌లో నానబెట్టేవాళ్లు రెండో రోజే మొదలుపెట్టొచ్చు. కోన్ ఫిల్టర్‌కి మీడియం రోస్ట్ అయితే ఐదారు రోజుల నుంచి బాగుంటుంది, లేతది అయితే రెండు వారాలు ఆగినా తప్పు లేదు. అన్నిటికంటే మొండిది ఎస్ప్రెసో. సన్నటి పొడిని గట్టిగా అదిమి, 9 బార్ల ఒత్తిడితో అరనిమిషంలో నీళ్లు పంపుతాం. ఆ ఒత్తిడిలో వాయువు కాఫీలో కరిగి, కప్పులోకి రాగానే నురగగా విడిపోతుంది. క్రేమా అంటే అదే. గింజ మరీ తాజాదైతే క్రేమా గ్లాసు నిండా వస్తుంది, కానీ పెద్ద బుడగలతో, వెలిసిపోయిన రంగులో ఉండి చూస్తుండగానే కూలిపోతుంది. అదే సెట్టింగ్‌తో నేడు ఒకలా, రేపు ఒకలా కారుతుంది. మెషీన్ పాడైందని మెకానిక్‌ని పిలిచినవాళ్లు నాకు తెలుసు.

మన ఇళ్లలో స్టీలు ఫిల్టర్ సంగతేమిటి అని అడుగుతారని తెలుసు. మా అమ్మమ్మగారి కాలంలో ఎవరూ గింజలకు విశ్రాంతి ఇవ్వలేదు, డికాషన్ బ్రహ్మాండంగా దిగేది. నిజమే, ఎందుకంటే వాళ్లు కొట్లో వేయించి మర పట్టించిన పొడి కొనేవారు. మర ఆడేటప్పుడే వాయువులో పావు వంతు నుంచి సగం పైదాకా పోతుంది. పొడి ఎంత సన్నమైతే అంత ఎక్కువ. మిగిలింది కూడా గింజలోలా వారాలు పట్టకుండా త్వరగా వెళ్లిపోతుంది. పైగా ఆ రోస్ట్ నలుపు, అందులో చికోరీ. చిక్కు వచ్చేది ఇప్పుడే, ఇంటికి గ్రైండర్ వచ్చాక. నిన్న వేయించిన గింజని అప్పటికప్పుడు పొడి చేసి, ఫిల్టర్ పై గిన్నెలో గట్టిగా అదిమి మరుగు నీళ్లు పోస్తే, పొడి ఉబ్బి పై బిళ్ళని ఎత్తేస్తుంది, లేదా వాయువు అడ్డుపడి గంటైనా చుక్క దిగదు. ఆగలేని రోజున ఒక ఉపాయం ఉంది. పొడి చేసి పది పదిహేను నిమిషాలు వెడల్పాటి పళ్లెంలో వదిలేయండి. ఆ తర్వాత కొద్ది నీళ్లతో పొడి మొత్తం తడిపి, ఒక నిమిషం ఆగి, మిగతా నీళ్లు పోయండి. వాసన కొంత పోతుంది, ఒప్పుకోవాలి. డికాషన్ మాత్రం దిగుతుంది.

ఆగడం మంచిదే కదా అని నెలల తరబడి ఆగేవాళ్లూ ఉన్నారు. వాయువు బయటికి వస్తున్నంతకాలం ఆక్సిజన్ని కొంతవరకు దూరంగా ఉంచుతుంది. అది తగ్గేకొద్దీ గాలి లోపలికి చేరి నూనెలు కమురు పడతాయి. విశాఖ, విజయవాడ ఎండల్లో రెండూ వేగంగా జరుగుతాయి, వేడి పెరిగితే వాయువు త్వరగా పోతుంది, పాడవడమూ త్వరగానే. అందుకని మే నెలలో నా దగ్గర కొన్నవాళ్లకు జనవరిలో చెప్పినన్ని రోజులు చెప్పను, రెండు మూడు తగ్గిస్తాను.

ఎక్కువ గింజలు ఉంటే ఫ్రీజర్ వాడండి, కానీ తెచ్చిన రోజే పెట్టకండి. చలికి వాయువు కదలిక దాదాపు ఆగిపోతుంది, కాబట్టి తాజాగా పెట్టిన గింజ నెల తర్వాత తీసినా అంతే గుక్క తిప్పుకోకుండా పొంగుతుంది. మీ పద్ధతికి రుచి కుదిరిన రోజున, వారానికి సరిపడా చిన్న పొట్లాలుగా గాలి తీసి సీలు వేసి పెట్టండి. బయటికి తీశాక పొట్లం గది వేడికి వచ్చేదాకా విప్పకండి, విప్పితే చల్లటి గింజల మీద తేమ పడుతుంది.