బి.ఇడి. చదువులో కాన్పు సెలవు: హాజరు లెక్క ఎలా అడగాలి

శ్రోతలందరికీ నమస్కారం. పెళ్లయ్యాక బి.ఇడి.లో చేరే ఆడపిల్లలు మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలామందే ఉన్నారు. చదువు మధ్యలో కడుపు పండితే ఇంట్లో సంతోషంగానే ఉంటుంది, కాలేజీలో హాజరు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

ఉద్యోగినులకు 26 వారాల సెలవిచ్చే ప్రసూతి ప్రయోజన చట్టం విద్యార్థినులకు వర్తించదు. అయితే 2021 డిసెంబర్ 14న యు.జి.సి. విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒక లేఖ రాసింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవుకు నిబంధనలు పెట్టుకోమని, హాజరులోనూ పరీక్ష దరఖాస్తు గడువులోనూ సడలింపు ఇమ్మని అందులో ఉంది. ఎన్ని రోజులివ్వాలో మాత్రం చెప్పలేదు. అందుకే అడిగే తీరు తెలియాలి.

ఒక అమ్మాయిని అనుకుందాం. అత్తగారిది కావలి, పుట్టిల్లు ఒంగోలు. బి.ఇడి. రెండో సెమిస్టర్ మధ్యలో తొలి కాన్పు. ఏడాదికి 200 పనిదినాలు కాబట్టి సెమిస్టర్‌కు సుమారు వంద. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్.సి.టి.ఇ. నిబంధన ప్రకారం క్లాసులకు 80 శాతం హాజరుండాలి. మొదటి 40 రోజుల్లో 36 రోజులు వచ్చింది. తర్వాత 60 పనిదినాలు సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లింది.

ఆ 60 రోజులనూ గైర్హాజరుగా రాస్తే ఆమె హాజరు 36 శాతం. డిటైన్ చేస్తారు. మొత్తం రోజుల్లోంచి సెలవును తీసేస్తే 40కి 36, అంటే 90 శాతం. సెలవును హాజరుగా కలిపితే 96. అమ్మాయి అదే, సెలవూ అదే. తేడా అంతా లెక్కలోనే ఉంది. కాబట్టి "సెలవు మంజూరు చేయడమైనది" అన్న ఒక్క ముక్కతో ఊరుకోకూడదు. ఆ రోజుల్ని హాజరులో ఎలా లెక్కిస్తారో ఉత్తర్వులోనే రాయమని అడగాలి. ఇది చాలామంది అడగరు. హాల్‌టికెట్ల ముందు డిటెన్షన్ జాబితా అంటించాక తెలుసుకుని బావురుమంటారు.

ఇలాంటి వివాదమే 2023లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎం.ఇడి. చదివే ఒక విద్యార్థిని 59 రోజుల ప్రసూతి సెలవును విశ్వవిద్యాలయం కాదంది. ఆ సెలవును మళ్లీ పరిశీలించమని, దాన్ని లెక్కలోకి తీసుకున్నాక థియరీ క్లాసుల్లో 80 శాతం వస్తే పరీక్ష రాయనివ్వమని కోర్టు చెప్పింది. థియరీ అన్న మాట గమనించండి.

ఎందుకంటే ఇంటర్న్‌షిప్ సంగతి వేరు. బి.ఇడి. రెండో ఏడాదిలో బడికి వెళ్లి పాఠాలు చెప్పాల్సింది 16 వారాలు. దానికి 90 శాతం హాజరు కావాలి. వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులైతే, మానగలిగేది తొమ్మిది రోజులే. పాఠం చెప్పకుండా చెప్పినట్టు రాయమని అడగడం నా దృష్టిలో న్యాయం కాదు కూడా. కాన్పు అప్పుడే పడితే ఆ 16 వారాలను తర్వాతి బ్యాచ్‌తో చేయనివ్వమని అడగడమే మంచిది. రెండేళ్ల బి.ఇడి.ని చేరిన తేదీ నుంచి మూడేళ్లలోపు పూర్తి చేయవచ్చు. అంటే చేతిలో ఒక్క ఏడాది ఉంది. ఇంటర్న్‌షిప్‌కు ఆ ఏడాది వాడుకుంటే, తర్వాత ఇంకో సెమిస్టర్ వెనకబడటానికి వీల్లేదు.

దరఖాస్తు ఐదో నెలలోనే పెట్టండి. ఏ.ఎన్.ఎం. ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ప్రసవం అంచనా తేదీ రాసి ఉంటుంది. ఆ పేజీ జిరాక్సు, డాక్టర్ సర్టిఫికెట్, యు.జి.సి. లేఖ కాపీ జతచేసి, ప్రిన్సిపాల్ ద్వారా రిజిస్ట్రార్‌కు రాయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సెలవు, హాజరు లెక్క ఎలా, ఇంటర్న్‌షిప్ ఏ బ్యాచ్‌తో అన్నవి స్పష్టంగా ఉండాలి. కాన్పు ముందో వెనకో అయితే తేదీలు మార్చుకునే వీలు కల్పించమని కూడా అందులోనే రాయండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. "ముందు కాన్పు కానీ అమ్మా, వచ్చాక చూద్దాంలే" అని లెక్చరర్ మంచి మనసుతోనే అంటారు. కానీ జాబితా తయారుచేసే గుమాస్తాకు ఆ మాట చేరదు.

పరీక్ష ఫీజు గడువు సరిగ్గా బాలింతగా మంచం మీద ఉన్నప్పుడే వస్తుంది. భర్తకో తమ్ముడికో ఆ పని ముందే అప్పజెప్పండి. కాలేజీ కాదంటే ఆ మాటే కాగితం మీద ఇమ్మనండి. దాంతో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చు. 2023 యు.జి.సి. నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు 15 రోజులే కాబట్టి, పసిబిడ్డ ఒళ్లో ఉన్నా ఆ అర్జీ మాత్రం ఇంట్లో ఎవరిచేతనైనా పంపించండి.