గోంగూరని చుక్కకూర చేసేశారు! టైటిల్‌ని మాటకి మాట మార్చకండి

"అన్నా, నా యూట్యూబ్ వంట వీడియో టైటిల్, డిస్క్రిప్షన్ హిందీలో, తమిళంలో కూడా పెడదామనుకుంటున్నా. ఉన్నది ఉన్నట్టు ట్రాన్స్‌లేట్ చేసి పెట్టేస్తే చాలు కదా?"

చాలదు! టైటిల్‌ని ట్రాన్స్‌లేట్ చేయొద్దు. టైటిల్‌ని ఆ భాషలో మళ్లీ రాయాలి. డిస్క్రిప్షన్‌లో కింద ఉండే కొలతలు, టైమ్‌లు, లింకులు మాత్రం పొల్లుపోకుండా దించాలి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నారు. టైటిల్‌ని మాటకి మాట దించేస్తారు, కొలతల దగ్గరేమో సొంత తెలివి చూపిస్తారు. నా కోపమంతా అక్కడే.

నా వీడియోకే జరిగింది, వినండి. తెలుగు టైటిల్: "అదిరిపోయే గోంగూర పచ్చడి, నెల రోజులైనా పాడవదు". ఒకాయనకి డబ్బులిచ్చి హిందీ, తమిళం రాయించాను. హిందీలో ఏం వచ్చిందో తెలుసా? ఖట్టా పాలక్! గోంగూరని ముందు ఇంగ్లీషులో సారెల్ అన్నారు, ఆ సారెల్‌ని హిందీలోకి లాగారు, అది పోయి చుక్కకూర అయ్యింది. గోంగూర మందార జాతి చెట్టు. చుక్కకూరకి దానికి చుట్టరికమే లేదు, ఇద్దరికీ ఉన్నది పులుపొక్కటే. అంటే చుక్కకూర వెతికేవాడి ముందు నా గోంగూర పడింది. వాడు తెరిచి, ఆకు చూసి, వెళ్లిపోయాడు.

ఇక "అదిరిపోయే". అదరడం అంటే వణకడం అనుకుని, హిందీలో వణికించే చట్నీ అని రాశారు. పచ్చడి తింటే వణుకు రావడమేంటండీ!

తమిళంలో ఇంకో రకం గొయ్యి. "పచ్చడి" అన్న మాట తమిళంలోనూ ఉంది కదా అని అలాగే ఉంచేశారు. కానీ తమిళులకి పచ్చడి అంటే ఎక్కువగా పెరుగులో కలిపేది, మన పెరుగుపచ్చడిలాంటిది. పెరుగు కలిపింది నెల రోజులు పాడవదంటే ఎవరు నమ్ముతారు? మనం నూనెలో మగ్గించి నిల్వ పెట్టేదాన్ని వాళ్లు తొక్కు అంటారు. తెలియని మాట తప్పయితే కనిపిస్తుంది. తెలిసినట్టుండే మాట తప్పయితే కనిపించదు, అందుకే అది ఎక్కువ ముంచుతుంది.

నా సిద్ధాంతం చెప్తా, మీరు ఒప్పుకోకపోయినా నేను మార్చుకోను. టైటిల్‌లో ఉండాల్సింది నిఘంటువు మాట కాదు, బజారు మాట! మెహదీపట్నం రైతు బజార్‌కి పొద్దున్నే వెళ్లండి. ఒకే కట్ట ముందు ముగ్గురు నిలబడతారు. కోస్తా నుంచి వచ్చినావిడ గోంగూర ఎంత అంటుంది. పక్కన తెలంగాణ అమ్మ పుంటికూర ఎంతకిస్తున్నవ్ అంటుంది. పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దాయన అంబాడా కైసా దియే అంటాడు. అమ్మేవాడు ముగ్గురికీ అదే కట్ట ఇస్తాడు. వాడిని మించిన లోకలైజేషన్ నిపుణుడు నాకు కనపడలేదు, మనస్ఫూర్తిగా అంటున్నా. ఆ అంబాడానే హిందీలో, మరాఠీలో అంబాడీ. తమిళంలో పుళిచ్చ కీరై. కన్నడలో పుండి సొప్పు. ఈ మాటలన్నీ మన ఊళ్లోనే, మన చెవిలోనే పడుతుంటే, డబ్బులిచ్చి రాయించిన ఖట్టా పాలక్ ఎందుకు పెట్టుకోవాలి?

మాట సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ప్రైవేట్ విండో తెరవండి. ఆ మాటని ఆ లిపిలోనే యూట్యూబ్ సెర్చ్‌లో కొట్టండి. వచ్చిన బొమ్మలు చూడండి. భాష చదవక్కర్లేదు, ఆకు చూస్తే చాలు. ఎర్ర కాడ, వేళ్లలా చీలిన ఆకు కనిపిస్తే సరే. పాలకూరలు కనిపిస్తే ఆ మాట మనది కాదు.

అలా చూసి మళ్లీ రాశాను. హిందీలో: "గోంగూరా అంబాడీ కీ చట్నీ, మహీనే భర్ ఖరాబ్ నహీ హోగీ". గోంగూర పేరు ఉంచాను, పక్కనే వాళ్ల పేరు పెట్టాను. తమిళంలో: "ఆంధ్రా గోంగూరా తొక్కు, ఒరు మాసం కెట్టుప్పోగాదు". హైదరాబాద్‌లో కూర్చుని ఆంధ్రా అంటావా అని కామెంట్లలో తిడతారు, తెలుసు. కానీ అక్కడి వాళ్లు మన వంటని గుర్తుపట్టేది ఆ మాటతోనే. రెండింటిలోనూ "అదిరిపోయే" తీసేశాను. ఆ మాట పని తెలుగులోనే. "నెల రోజులు" మాత్రం కదపలేదు, ఎందుకంటే అది నేనిచ్చిన మాట. హిందీవాళ్లకి రెండు నెలలు అనకూడదు కదా.

పెట్టడం తేలికే, కంప్యూటర్‌లో చేయండి. యూట్యూబ్ స్టూడియోలో ఎడమవైపు Subtitles ఉంటుంది, కొందరికి Languages అని కనిపిస్తుంది. వీడియో ఎంచుకుని, Add language నొక్కి, హిందీ తీసుకుని, Title & description దగ్గర Add. రాసి, Publish. టైటిల్‌కి 100 అక్షరాలే పరిమితి. గుణింతాలు, సున్నాలు కూడా విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి కంటికి చిన్నగా ఉన్నా అంకె చూసుకోండి.

దీనికంటే ముందు ఒకటి చూడాలి. వీడియో వివరాల్లో కిందకెళ్తే Title and description language అని ఉంటుంది. అక్కడ తెలుగు ఉండాలి. చాలామందికి ఇంగ్లీష్ అని పడి ఉంటుంది. అలా ఉంటే మీ తెలుగు టైటిల్‌నే యూట్యూబ్ ఇంగ్లీష్ అనుకుంటుంది, ఇక అసలు ఇంగ్లీష్ టైటిల్ పెట్టడానికి చోటుండదు. Add language జాబితాలో ఇంగ్లీష్ కనపడలేదంటే కారణం అదే.

ఇప్పుడు డిస్క్రిప్షన్. పైన రెండు వాక్యాలు టైటిల్‌లాగే మళ్లీ రాయండి. కింద చాప్టర్ల టైమ్‌లు ఇలా ఉన్నాయనుకోండి:

```
0:00
1:40
4:15
```

వీటి పక్కన మాట మారాలి, అంకె మారకూడదు. మొదటిది 0:00 కాకపోయినా, మూడుకంటే తక్కువున్నా చాప్టర్లు రావు. ట్రాన్స్‌లేషన్‌లో ఒక లైన్ ఎగిరిపోతే ఈ లెక్క తప్పుతుంది. లింకులూ అంతే. కొలతల్లో ఒక్క మినహాయింపు: మన గిద్ద, సోల ఢిల్లీలో ఎవరికీ తెలియవు. వాటిని అలాగే దించకుండా, మీ గిద్దతో కొలిచి తూకం వేసి గ్రాముల్లో రాయండి. ఆ గ్రాములే అన్ని భాషల్లో ఉండాలి.

ఇంకో మాట, ఆడియో తెలుగులోనే ఉంటే టైటిల్‌లో "హిందీ మే" అని రాయకండి. హిందీ సబ్‌టైటిల్స్ పెట్టి, ఆ సంగతి డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో చెప్పండి. థంబ్‌నెయిల్ మీద రాసిన తెలుగుని ఈ గడులు మార్చలేవు, కాబట్టి దాని మీద మాటలు తగ్గించి గోంగూర కట్ట చూపించండి.

చివరిగా ఉప్పు సంగతి. తెలుగు డిస్క్రిప్షన్‌లో రెండు చెంచాల ఉప్పు అని పొరపాటున రాశాను, ఒకటి కావాలి. చూసి వెంటనే దిద్దాను. మూడు వారాల తర్వాత నాగపూర్ నుంచి ఒకావిడ కామెంట్: "భయ్యా, నమక్ బహుత్ జ్యాదా హై". తెలుగులో దిద్దితే హిందీ దానంతట అది మారదు! ఏ భాషకి ఆ భాష విడిగా తెరిచి దిద్దాలి. ఆవిడ పావు కిలో గోంగూర పాడైపోయింది, అది నా వల్లే. అందుకే ఇప్పుడు తెలుగులో ఒక అంకె మారిస్తే, ఆ ట్యాబ్ మూయకముందే హిందీది, తమిళంది కూడా తెరుస్తున్నా.