‘చీనీ’ని ఇంగ్లిష్‌లో ఏమని రాయాలి?

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ అనంతపురం నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్కారం మేడమ్. చీనీ తోటలకు సలహాలిస్తుంటాను. బెంగళూరులో ఒక సదస్సువాళ్లు ఇంగ్లిష్‌లో నా పరిచయం అడిగారు. మా రైతు సభలో చదివిన తెలుగు పరిచయాన్నే మార్చి పంపితే, ‘సూటిగా రాయండి’ అని తిప్పి పంపారు. టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: మొదటి వాక్యం చదవండన్నా.

కాలర్: ‘ప్రముఖ ఉద్యాన నిపుణులు, రైతు బాంధవులు అయిన శ్రీ ఫలానా గారు గత 14 ఏళ్లుగా చీనీ రైతులకు విశేష సేవలందిస్తున్నారు.’ ఇంగ్లిష్‌లో ‘ఎమినెంట్’ అని మొదలుపెట్టి, ‘రెండరింగ్ ఎక్సలెంట్ సర్వీసెస్ ఫ్రమ్ పాస్ట్ ఫోర్టీన్ ఇయర్స్’ అని రాశాను.

నిపుణురాలు: సభలో ఆ తెలుగు తప్పు కాదు. వేదిక మీద ఇంకొకరు పరిచయం చేస్తుంటే ‘ప్రముఖ’, ‘గారు’ మర్యాదే. కానీ ఇంగ్లిష్ బయో ఎవరిది వాళ్లే రాసుకుంటారని చదివేవాళ్లకు తెలుసు. ‘ఎమినెంట్’ కనబడగానే రుజువు వెతుకుతారు. ఆ మాట తీసేసి, అక్కడ మీ పని పెట్టండి. ఈ ఏడాది ఎన్ని తోటలు చూశారు?

కాలర్: 60 దాకా. ఎక్కువగా డ్రిప్, వేరుకుళ్లు తెగులు.

నిపుణురాలు: ఎంత బాగుందో చూడండి! ‘అడ్వైజెస్ స్వీట్ ఆరంజ్ గ్రోవర్స్ ఇన్ అనంతపూర్ ఆన్ డ్రిప్ ఇరిగేషన్ అండ్ రూట్ రాట్’ అని మొదలుపెట్టండి. ఆ వెంటే 60 తోటల సంగతి, ‘ఫర్ ఫోర్టీన్ ఇయర్స్’. ‘ఏళ్ల నుంచి’ అన్నది మనసులో ఉండి ‘ఫ్రమ్’ వచ్చేస్తుంది, అక్కడ ‘ఫర్’ ఉండాలి. ‘చీనీ’ని మాత్రం అలాగే దించకండి, హిందీ తెలిసినవాళ్లు చక్కెర అనుకుంటారు. విజయవాడకు పంపితే తెలుగులోనే ‘బత్తాయి’ అనాలి. చదువు గురించి ‘పాస్డ్ అవుట్’ అని రాశారా?

కాలర్: రాశాను మేడమ్.

నిపుణురాలు: ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. బయటి దేశాలవాళ్లకు మొదటిది స్పృహ తప్పడంలా వినబడుతుంది.

కాలర్: సదస్సు ముగిశాక ఆ ఇంగ్లిష్‌నే మా కరపత్రానికి తెలుగు చేయాలి. ‘పాషనేట్ ఎబౌట్ సస్టెయినబుల్ ఫార్మింగ్’ అని వాళ్లే కలిపారు. ‘సుస్థిర వ్యవసాయం పట్ల మక్కువ గలవాడు’ అనొచ్చా?

నిపుణురాలు: మీ ఊళ్లో ఎవరైనా అలా అంటారా? మీరు నిజంగా చేసేదేమిటి?

కాలర్: బోర్లలో నీళ్లు తగ్గినా తోట ఎండిపోకుండా చూసుకోవడం.

నిపుణురాలు: ఆ మాటే పెట్టండి. ఇంకొకటి, ఇంగ్లిష్‌లో ‘హి’ అన్నదాంట్లో అగౌరవం లేదు, తెలుగులో ‘గలవాడు’, ‘ఇస్తాడు’ అంటే ఉంది. మీ కరపత్రమే కాబట్టి పేరుకు ‘గారు’ వద్దు, క్రియ మాత్రం ‘ఇస్తారు’ అనే ఉండాలి. ఇంగ్లిష్‌లో రెండోసారి ఇంటిపేరు ఒక్కటే వేస్తారు. మనకు అది ఎవరినో పిలిచినట్టుంటుంది, ‘ఆయన’ చాలు. ఒకసారి చెప్పి చూడండి.

కాలర్: ‘14 ఏళ్లుగా చీనీ రైతులకు సలహాలిస్తున్నారు. బోర్లలో నీళ్లు తగ్గినా తోట ఎండిపోకుండా చూడటంలో విశేష…’

నిపుణురాలు: ‘విశేష’ మళ్లీ వచ్చిందన్నా.

కాలర్: ‘…తోట ఎండిపోకుండా ఏం చేయాలో ఆయన పొలంలోనే చూపిస్తారు.’

నిపుణురాలు: ఇది పంపండి.