చెట్టు దిగిన తర్వాతి పదిహేను నిమిషాలు

గీత కార్మిక సోదరులకు, వారి ఇళ్ల నుంచి వచ్చిన తల్లులకు, ఆశా కార్యకర్తలకు, ఊళ్లల్లో మొదటగా రోగిని చూసే ఆర్‌ఎంపీ మిత్రులకు నమస్కారం.

తాటిచెట్టు మీద నుంచి పడితే ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కరలేదు. చెట్టు మీద కందిరీగ కుట్టి, మనిషి మోకు పట్టు తప్పకుండా క్షేమంగా దిగివచ్చిన తర్వాత, నేల మీద ముంచుకొచ్చే ప్రమాదం గురించి చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

నల్లగొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేస్తున్న రోజుల్లో, 45 ఏళ్ల గీత కార్మికుడిని ఒక ఉదయం తీసుకొచ్చారు. మట్టల మధ్య ఉన్న తుట్టెను చూడక చేయి పెట్టడంతో, ఎడమ ముంజేతి మీద ఒకే ఒక్క కందిరీగ కుట్టింది. ముందటేడు కూడా ఆయనను కందిరీగ కుట్టిందని, అప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచి సాయంత్రానికి తగ్గాయని తర్వాత తెలిసింది. ఈసారి దిగుతుండగానే అరచేతులు, అరికాళ్లు దురద పెట్టాయి. కింద కూర్చున్న కాసేపటికి పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది, ఒకసారి వాంతి అయింది. కుట్టిన చోట సున్నం పూశారు. ఊళ్లో ఎవిల్, డెక్సా సూదులు వేయించారు. దద్దుర్లు కొంచెం పలచబడేసరికి ఆయన, "ఇప్పుడు మంచిగనే ఉన్న, బండి మీద కూసొని పోత" అన్నాడు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని బయలుదేరారు. ఊరు దాటకముందే తల వాలిపోయింది.

ఇందులో ఒక్కొక్క సంగతిని విడదీసి చూద్దాం.

కందిరీగ గానీ తేనెటీగ గానీ కుట్టిన చోట మంట, ఎరుపు, వాపు రావడం ఎవరికైనా మామూలే. ఆ వాపు మోచేతి దాకా పాకి, రెండో రోజుకు ఇంకా పెరిగినా, అది కుట్టిన చోటును అంటిపెట్టుకొని ఉన్నంత వరకు సాధారణంగా ప్రాణం మీదికి రాదు. చేతికి కుట్టితే పెదవి ఉబ్బడం, కాలికి కుట్టితే ఛాతీలో పిల్లికూతలు రావడం వేరు. కుట్టిన చోటుకు దూరంగా లక్షణం కనిపించిందంటే విషానికి ఒళ్లంతా ఎదురు తిరుగుతున్నదని అర్థం. దీనిని వైద్యంలో అనాఫిలాక్సిస్ అంటాము. నాలుక ఉబ్బడం, గొంతు మారడం, ఆగకుండా దగ్గు, పిల్లికూతలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, కళ్లకు చీకట్లు కమ్మడం, ఏదో అయిపోతున్నదన్న భయం, ఇవన్నీ దాని గుర్తులే. అన్నీ కలిసి రావాలని లేదు. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేకుండా, నేరుగా రక్తపోటు పడిపోయి మనిషి కూలిపోవడం కందిరీగ, తేనెటీగ కాటులో ఉన్నదే, కాబట్టి దద్దుర్ల కోసం వెతుకుతూ ఆగకండి.

కల్లు తాగేటప్పుడు లొట్టిలోని కందిరీగో తేనెటీగో నోటి లోపల కుట్టితే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ వచ్చే మామూలు వాపు కూడా ఊపిరి దారిని మూసేయగలదు, వెంటనే ఆసుపత్రికి రావాలి.

నిన్నటి దాకా ఏమీ కాని మనిషికి ఇవాళ ఎందుకు ఇలా అవుతుంది? మునుపటి కాటు వల్ల కొందరి ఒంట్లో ఆ విషాన్ని గుర్తుపట్టే ఐజీఈ అనే పదార్థం తయారై ఉంటుంది. మళ్లీ కుట్టగానే అది శరీర కణాల నుంచి హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. రక్తనాళాలు వదులై, చిల్లులు పడిన గొట్టాల లాగా కారుతాయి. తీవ్రమైన సందర్భాల్లో పది నిమిషాల్లోనే రక్తంలోని ద్రవంలో మూడో వంతు దాకా నాళాల బయటికి పోవచ్చు. మిగిలిన రక్తం కాళ్లలో నిలిచిపోతుంది.

బండి మీద ఆయన తల వాలడానికి కారణం ఇదే. పడుకొని ఉన్నంత సేపు గుండెకు కొద్దో గొప్పో రక్తం తిరిగి వస్తుంది. నిలబెట్టినా, కూర్చోబెట్టినా, నడిపించినా గుండె ఖాళీ అవుతుంది, క్షణాల్లో ఆగిపోవచ్చు కూడా. కళ్లు తిరుగుతున్నాయన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఊపిరి అందక పడుకోలేనంటే కాళ్లు చాపించి వెనక్కి ఆనించి కూర్చోబెట్టవచ్చు. గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పాలి. స్పృహ లేకపోయినా, వాంతి చేసుకుంటున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108కు ఫోన్ చేయండి. అది రావడం ఆలస్యమవుతుందంటే మోటారు సైకిల్ వద్దు, ఆటోలోనో కారులోనో పడుకోబెట్టి తీసుకురండి. "లేచి నాలుగడుగులు వేస్తే తేరుకుంటాడు" అని మంచి మనసుతోనే అంటారు, ఆ మాటను మాత్రం వినకండి.

ఎవిల్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేదు, ఉబ్బుతున్న గొంతును తెరవలేదు. డెక్సా పని చేయడానికే గంటలు పడుతుంది. ఈగ కాటుతో చనిపోయినవారిలో చాలామందికి గుండె ఆగింది పదిహేను నిమిషాలకు అటూ ఇటుగానే. ఆ వ్యవధిలో పనిచేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. అది నాళాలను బిగిస్తుంది, గొంతు వాపును తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల గొట్టాలను తెరుస్తుంది. ఒక మిల్లీలీటరు ఆంపూల్‌లో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. పెద్దవారికి అందులో సగం, అంటే అర మిల్లీలీటరు, తొడ మధ్యలో బయటి వైపు కండలోకి ఇస్తాము. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 0.3, అంతకన్నా చిన్నవారికి 0.15 మిల్లీలీటరు. గుణం కనిపించకపోతే అయిదు నిమిషాలకు మళ్లీ ఇస్తాము. గుండె దడ, చేతుల వణుకు వచ్చి తగ్గుతాయి. ఈ మందంటే భయం పుట్టడానికి కారణం దీనిని నరంలోకి నేరుగా ఎక్కించడం. ఈ మోతాదును నరానికి ఇవ్వడం నిజంగానే ప్రమాదం, తొడ కండకు ఇస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. ఆర్‌ఎంపీ మిత్రులను నేను కోరేది ఒకటే. ఈ గుర్తులు కనిపించిన మనిషికి రెండు సూదులు వేసి, తగ్గుతుందేమోనని మంచం మీద కూర్చోబెట్టి చూడకండి, అడ్రినలిన్ ఉన్న చోటికి పడుకోబెట్టి పంపండి.

ఆయన మా దగ్గరికి చేరేసరికి రక్తపోటు 70 దగ్గర ఉంది, నాడి చేతికి సరిగా అందడం లేదు. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి, తొడకు అడ్రినలిన్ ఇచ్చాము. ఆక్సిజన్ పెట్టి సెలైన్ వేగంగా ఎక్కించాము. అయిదు నిమిషాల తర్వాత రెండో మోతాదు ఇచ్చాక కళ్లు తెరిచి భార్య ఎక్కడున్నదని అడిగాడు. గంటకల్లా పూర్తిగా తేరుకొని ఇంటికి పోతానన్నాడు. పంపలేదు. తగ్గినట్టే తగ్గి, కొన్ని గంటల తర్వాత మళ్లీ కాటు లేకుండానే ఇదే తిరగబెట్టడం కొందరిలో ఉంటుంది, అందుకే ఆ రాత్రంతా ఉంచుకున్నాము.

తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోయి, దాని విషపు సంచి ఇంకా విషం దింపుతూనే ఉంటుంది. గోటితోనైనా సరే క్షణాల్లో గీరి తీసేయండి, పద్ధతి కన్నా త్వరగా తీయడం ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు. పెద్ద తేనెటీగల గుంపు వెంటపడి పదుల సంఖ్యలో కుట్టిన మనిషికి అలర్జీ లేకున్నా విషమే ఎక్కువై మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, అటువంటివారు బాగానే కనిపించినా ఆసుపత్రిలో చేరాలి.

సభ ముగిశాక కొందరు ఉండిపోవాలని అడుగుతున్నాను. ఇదివరకు ఈగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచినవారు, మూతి ఉబ్బినవారు, కళ్లు తిరిగినవారు మీ ఇంటి మనిషిని వెంటబెట్టుకొని రండి. బీపీకి ఎటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ అట్ట కూడా తీసుకురండి. అవి అడ్రినలిన్ పనిని తగ్గించవచ్చు, కానీ మీకై మీరు ఆపవద్దు, మార్చాలో లేదో చూసి చెబుతాను. మీతో పాటు చెట్ల వైపు వచ్చే మనిషికి, ఎట్లా పడుకోబెట్టాలో ఇక్కడే, ఈ చాప మీద, ఒకసారి చేసి చూపిస్తాను.