సంక్రాంతి అయ్యాక చీరల కొట్టుకు మళ్లీ రప్పించే మెసేజ్

[తెరపై: కనుమ మర్నాడు, తిరుపతి గాంధీరోడ్డు]

పండగ అయిపోయింది, బేరాలు తగ్గాయి. చాలా కొట్లవాళ్లు ఇప్పుడు చేసే పని 'ఇరవై శాతం తగ్గింపు' అని మెసేజ్ పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. భోగికి 2,000 పెట్టి చీర కొన్న ఆవిడ, అదే చీర వారానికే 1,600 అని చూస్తే ఏమనుకుంటుంది? వచ్చే పండక్కి మీ దగ్గర కొనదు, తగ్గించేదాకా ఆగుతుంది.

ఆమెకు నిజంగా మిగిలిపోయిన పని ఒకటుంది. పండగ ముందు టైలర్లకు ఊపిరాడదు. చీరలో వచ్చిన జాకెట్టు ముక్క అలాగే ఉండిపోతుంది. ఫాల్ కూడా కుట్టించకుండానే పాత జాకెట్టు మీదికి చీర కట్టేసుకుంటారు. ఇప్పుడు మీ టైలర్‌కు తీరిక దొరికింది. రాయాల్సింది ఆ సంగతే.

[తెరపై మెసేజ్, చదువుతూ]

"అక్కా, నమస్తే. పండక్కి మా కొట్లో తీసుకున్న చీరకు జాకెట్టు కుట్టించారా? లేదంటే చీర తెచ్చివ్వండి, నాలుగో రోజు ఇచ్చేస్తాం. జాకెట్టు మజూరీ మామూలే. ఫాల్, జిగ్‌జాగ్ మా ఖర్చు. ఫాల్ నానబెట్టి ఆరేశాకే కుడతాం. రోజుకు ఆరు చీరలే తీసుకుంటాం. జనవరి 31 దాకా."

ఫాల్ నానబెట్టే మాట ఊరికే పెట్టలేదు. నానబెట్టని ఫాల్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి చీర అంచును ముడతలు పెడుతుంది. అది అనుభవమైన ఆడవాళ్లకు ఈ ఒక్క మాటతో నమ్మకం కుదురుతుంది. ఇక 'ఆరు' అన్న అంకె మీ టైలర్‌ను అడిగి వేయండి. మాటిచ్చిన రోజుకు జాకెట్టు ఇవ్వలేకపోతే ఆఫర్ పెట్టకపోవడమే మేలు.

ఖర్చు చూద్దాం. ఫాల్, కూలి కలిపి 120 అనుకుంటే, తగ్గింపులో పోయే 400 కన్నా చాలా తక్కువ. పైగా ఆమె రెండుసార్లు కొట్టుకు వస్తుంది, ఇవ్వడానికోసారి, తీసుకోవడానికోసారి.

'మాఘమాసం పెళ్లిళ్లకు' అని కూడా కలపొచ్చు. అయితే ముందు పంచాంగం చూడండి. మూఢం ఉంటే ముహూర్తాలుండవు, ఆ మాట తీసేయండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక చిక్కుంది. మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే పండగ రద్దీలో బిల్లు వేసేటప్పుడే 'మా నంబర్ సేవ్ చేసుకోండక్కా' అని అడగాలి. సేవ్ చేసుకోనివాళ్లకు విడిగా, పేరుతో పంపండి. వద్దన్నవాళ్లకు మళ్లీ పంపకండి.

[తెరపై: బిల్లుల పక్కన నోటుపుస్తకం]

ఎవరు అడిగారు, ఎవరు చీర తెచ్చారు, తీసుకెళ్లేటప్పుడు ఏమైనా కొన్నారా, ఈ మూడూ రాసుకోండి. ఎవరూ అడగకపోతే మొదటి వాక్యం మార్చి చూడండి. అడిగి కూడా రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. నాలుగు రోజులు ఎక్కువనిపించిందేమో, లేదా కొట్టు వేళలు కుదరలేదేమో.